బాష్పీభవనం పాఠం మాతృభాషలో: అనువాదం, సహాధ్యాయుల అవగాహన, కొలత – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరం నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలలకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఆంగ్లంలో ఉన్న పాఠమే ఎదుటి పేజీలో తెలుగులో ఉంటుంది. ఒకే పాఠం రెండు భాషల్లో విద్యార్థి చేతికి అందింది కాబట్టి, ఏ భాషలో చదివినవారికి పాఠం బాగా అర్థమైందన్న ప్రశ్న పరిశోధకులకు సహజంగానే కలిగింది. బి.ఎడ్., ఎం.ఎడ్. లఘు పరిశోధనల్లోనూ, పాఠశాల స్థాయి సైన్సు ప్రాజెక్టుల్లోనూ ఈ అంశం కనబడుతుంది. విద్యార్థులే ఒక సైన్సు పాఠాన్ని తమ ఇంటి భాషలోకి మార్చి, తోటివారికి ఇచ్చి, చిన్న పరీక్ష పెట్టి, మార్కులు పోల్చడం ఈ పరిశోధనల సాధారణ రూపం.

చూడడానికి ఇది సులువైన పని. ఫలితం కూడా చాలావరకు ముందే ఊహించినట్లు వస్తుంది. మాతృభాషలో చదివినవారికి ఎక్కువ మార్కులు వస్తాయి. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ఆ ఎక్కువ మార్కులు భాష వల్ల వచ్చాయా, సులువుగా తిరగరాయడం వల్ల వచ్చాయా, ప్రశ్నపత్రం భాష వల్ల వచ్చాయా, లేక ఆ సెక్షన్‌కు మంచి ఉపాధ్యాయుడు దొరకడం వల్ల వచ్చాయా? వీటిని విడదీసి చెప్పలేని పరిశోధన మాతృభాషా బోధనకు మేలు చేయదు. ఎదుటివాదికి దాన్ని కొట్టివేయడం సులువవుతుంది.

ఈ వ్యాసం ఒకే పాఠాన్ని, అంటే ద్రవం బాష్పంగా మారడం గురించిన ఉన్నత పాఠశాల స్థాయి పాఠాన్ని ఉదాహరణగా తీసుకొని, అనువాదం దగ్గర నుంచి కొలత దాకా ఎక్కడ ఏం జరుగుతుందో పరిశీలిస్తుంది.

పరిభాష కన్నా మామూలు మాటలే చిక్కు

సైన్సు అనువాదం అనగానే చర్చ పారిభాషిక పదాల మీదికి మళ్లుతుంది. బాష్పీభవనం అనాలా, ఆవిరి కావడం అనాలా, ఎవాపరేషన్ అనే ఉంచాలా అన్న వాదం ఎంతకీ తెగదు. నిజానికి విద్యార్థికి ఈ మూడూ కొత్త మాటలే కావచ్చు. పారిభాషిక పదం కొత్తదని ఉపాధ్యాయునికి తెలుసు. అందుకే దాన్ని నల్లబల్ల మీద రాసి, వివరించి, పదేపదే పలికిస్తాడు. ఎవరూ వివరించని మాటల దగ్గరే పాఠం జారిపోతుంది. బ్రిటన్‌లో కాసెల్స్, జాన్‌స్టన్ 1980లలో రసాయనశాస్త్ర విద్యార్థులపై చేసిన అధ్యయనాలు ఈ విషయాన్ని గట్టిగా చూపాయి. ఆంగ్లమే మాతృభాషగా ఉన్న పిల్లలు కూడా పాఠాల్లో వచ్చే పరిభాషేతర పదాలను అనేకసార్లు తప్పుగా, కొన్నిసార్లు సరిగ్గా వ్యతిరేకార్థంలో గ్రహిస్తున్నారు. అంతకుముందు గార్డ్‌నర్ పాపువా న్యూగినీలోనూ, ఆస్ట్రేలియాలోనూ చేసిన పరిశీలనల్లో ‘అయినప్పటికీ’, ‘కాబట్టి’ వంటి తర్కసూచకాల దగ్గర కూడా ఇదే పరిస్థితి కనబడింది.

తెలుగు పాఠంలో ఈ సమస్య మరో రూపంలో ఉంటుంది. మన వ్యవహారంలో నీరు కనబడకుండా పోవడానికి చాలా మాటలున్నాయి. నేల మీద పోసిన నీరు ఇంకిపోతుంది. పొయ్యి మీది పులుసులో నీరు ఇగిరిపోతుంది. ఉతికిన బట్ట ఆరుతుంది. చెరువు ఎండుతుంది. వీటిలో ఇంకడం నేలలోకి పోవడం, ఇగరడం గాలిలోకి పోవడం. ఆరడం, ఎండడం అనే మాటలు మాత్రం నీరు ఎటు పోయిందో చెప్పవు. తడిసిన గచ్చు ఆరిందనే మాట విన్న పిల్లవాడు, నీరు గచ్చులోకి పోయిందని అనుకోవడానికి భాష అడ్డు చెప్పదు. చిన్నపిల్లల్లో ఈ భావన నిజంగానే ఉంది. బార్, గలిలీ ఇజ్రాయెల్‌లో చేసిన అధ్యయనం బాష్పీభవనంపై పిల్లల ఊహలను దశలుగా వివరించింది. నీరు మాయమైపోతుందని అనుకోవడం ఒక దశ. నేల లేదా పాత్ర దాన్ని పీల్చుకొందని అనుకోవడం తరువాతి దశ. నీరు పైకెక్కడికో పోయిందని, చివరకు బాష్పంగా గాలిలో కలిసిందని గ్రహించడం ఆ పైవి. అనువాదకుడు ‘గచ్చు మీది నీరు ఇంకిపోయింది’ అని రాస్తే పాఠం పోగొట్టవలసిన అపోహకు పాఠమే సాక్ష్యం చెబుతుంది. ‘ఇగిరిపోయింది’ అని రాస్తే, ఆ మాట ఇంట్లో వినే పిల్లలకు దిశ తెలుస్తుంది. అయితే ఇగరడం అన్నది చాలా ఇళ్లలో పొయ్యి మీద జరిగే పనికే పరిమితం. వేడిచేయకుండానే నీరు ఇగురుతుందని ఆ పాఠం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఏ ఉష్ణోగ్రత వద్దనైనా జరగడమే బాష్పీభవనానికి ప్రధాన లక్షణం.

కాచడం, మరిగించడం అన్న జంట ఇంకా తమాషాగా ఉంటుంది. స్నానానికి నీళ్లు కాగాయంటే వేడెక్కాయని అర్థం, అవి మరగలేదు. డాక్టరు కాచి చల్లార్చిన నీళ్లు తాగమంటే మాత్రం మరిగించమని అర్థం. ఒకే క్రియ రెండు ఉష్ణోగ్రతలను చెబుతోంది. ఆంగ్ల పాఠంలో మరగడానికి, వేడెక్కడానికి వేరువేరు మాటలున్నాయి. తెలుగులో రెండింటికీ ‘కాగు’ వాడిన అనువాదం, మరుగుస్థానమనే భావననే చెరిపివేస్తుంది. ‘ఆవిరి’ అనే మాట కూడా అలాంటిదే. వేడి అన్నం మీద తెల్లగా లేచేదాన్ని అందరూ ఆవిరి అంటారు. కంటికి కనబడే ఆ తెల్లని పొగ నిజానికి బాష్పం చల్లబడి ఏర్పడ్డ సన్నని నీటి తుంపరలే. నీటి బాష్పం కంటికి కనబడదు. ‘ఆవిరి కనబడదు’ అని రాసిన వాక్యం చదివిన విద్యార్థి తన కళ్లను నమ్మాలా, పుస్తకాన్ని నమ్మాలా?

పుస్తక పరిభాషలోనూ ఇబ్బంది ఉంది. బాష్పం తిరిగి ద్రవంగా మారడాన్ని సాంద్రీకరణం అంటారు. అదే విద్యార్థి అప్పటికే సాంద్రత గురించి చదివి ఉంటాడు కాబట్టి, సాంద్రీకరణం అంటే సాంద్రత పెరగడమేనని సరిపెట్టుకొంటాడు. అది పూర్తిగా తప్పు కాదు, కానీ పాఠం చెప్పదలచినది అది కాదు. చల్లని గ్లాసు వెలుపల నీటి చుక్కలెందుకు వచ్చాయని అడిగితే, ‘నీరు చిక్కబడింది’ అనే జవాబు ఈ పదం నుంచే పుట్టవచ్చు. అటువంటి జవాబు దొరికినప్పుడు దాన్ని తప్పుల లెక్కలో వేసి వదిలేయరాదు. అది అనువాదంపై వచ్చిన సమాచారం.

ఎవరి అనువాదం, ఎలాంటి అనువాదం

తోటి విద్యార్థి చేసిన అనువాదానికి ఒక బలముంది. ఏ వాక్యం దగ్గర తాను ఆగిపోయాడో అతనికి ఇంకా గుర్తుంటుంది. అదే అతని బలహీనత కూడా. పాఠం అర్థం చేసుకొన్న తరువాత రాస్తాడు కాబట్టి, మూలంలో లేని వివరణ, ఇంటి ఉదాహరణ, ఒక కారణం అతనికి తెలియకుండానే వచ్చి చేరతాయి. ఉదాహరణకు మూలంలో ఈ అర్థం ఉందనుకొందాం: ద్రవం బాష్పీభవనం చెందే రేటు దాని ఉపరితల వైశాల్యంపై, ఉష్ణోగ్రతపై, పరిసరాల గాలిలో అప్పటికే ఉన్న బాష్ప పరిమాణంపై ఆధారపడి ఉంటుంది. విద్యార్థి అనువాదం ఇలా ఉండవచ్చు: బట్టను ముద్దగా పడేస్తే ఆరదు, విప్పి తాడు మీద వేస్తే త్వరగా ఆరుతుంది, ఎండలో ఇంకా త్వరగా ఆరుతుంది, ముసురు పట్టిన రోజున రెండు రోజులైనా ఆరదు, ఎందుకంటే గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది.

రెండోది మంచి పాఠమే, కానీ మొదటిదానికి అనువాదం కాదు. భాష మారడంతో పాటు వాక్యం చిన్నదైంది, నామపదాలు క్రియలయ్యాయి, ఉదాహరణ చేరింది, ‘ఎందుకంటే’ అనే కారణం వచ్చింది. ఈ పాఠం చదివినవారికి ఎక్కువ మార్కులు వస్తే అందులో తెలుగు వాటా ఎంత, సరళత వాటా ఎంత? తెలియదు. ఆంగ్ల పాఠాన్నీ ఇదే తీరులో, బట్ట ఉదాహరణతో తిరగరాసి ఇస్తే బహుశా అక్కడా మార్కులు పెరుగుతాయి. అమెరికాలో ఆబెడి, లార్డ్ 2001లో ప్రచురించిన పరిశోధన గణిత ప్రశ్నల్లో భాషను మాత్రమే తేలిక చేసి చూసింది. గణితం మారకుండానే, ఆంగ్లం ఇంకా నేర్చుకొంటున్న పిల్లల ఫలితాలు మెరుగయ్యాయి.

అందుచేత రెండు పాఠాలు చాలవు, కనీసం మూడు కావాలి. ఒకటి పుస్తకంలోని ఆంగ్లం. రెండోది పుస్తకశైలిలోని తెలుగు, అంటే ఎదుటి పేజీలోనిది. మూడోది వ్యావహారికంగా తిరగరాసిన తెలుగు. వీలుంటే తిరగరాసిన సరళ ఆంగ్లాన్ని నాలుగోదిగా చేర్చాలి. మొదటి రెండింటి మధ్య తేడా ప్రధానంగా భాషది. రెండు, మూడింటి మధ్య తేడా శైలిది. ద్విభాషా పుస్తకంలో ఒకే బొమ్మ, ఒకే పేరా వరుస ఎదురెదురుగా సరిపోవాలి కాబట్టి తెలుగు వాక్యం ఆంగ్ల వాక్యం వెంట నడవక తప్పదు. అలాంటి తెలుగు చదివిన విద్యార్థికి ఆంగ్లం చదివినవాడి కంటే ఎక్కువ మార్కులు రాకపోతే, తప్పు మాతృభాషది కాదని చెప్పగలిగేది మూడో పాఠం ఉన్నప్పుడే.

అనువాదం సరిగా ఉందో లేదో చూడడానికి పరిశోధన గ్రంథాల్లో తరచుగా కనబడే పద్ధతి పునరనువాదం. తెలుగు పాఠాన్ని మరొకరిచేత ఆంగ్లంలోకి మార్పించి మూలంతో పోలుస్తారు. ప్రశ్నావళులకు ఇది ఉపకరిస్తుంది గాని పాఠాలకు ఇది దారి తప్పిస్తుంది. మాటకు మాట పెట్టిన సంస్కృతభూయిష్ఠమైన తెలుగు చక్కగా మూలానికి తిరిగి వస్తుంది. పిల్లలకు అర్థమయ్యే ‘ఇగరడం’ మాత్రం వేరే మాటగా తిరిగి వస్తుంది. అంటే పునరనువాదం గట్టి పాఠానికి మార్కులు వేసి మంచి పాఠాన్ని తప్పుపడుతుంది. దానికి బదులు పరీక్షలో పాల్గొనని ఐదారుగురు విద్యార్థులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ప్రతి పేరా చదివించి, ‘ఇప్పుడు చదివింది నీ మాటల్లో చెప్పు’ అని అడిగి రాసుకోవడం మేలు. ఎక్కడ ముగ్గురు ఒకే తప్పు చెబుతారో అక్కడ వాక్యం మార్చాలి. విషయం సరిగా ఉందా లేదా అన్నది భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు విడిగా చూడాలి.

మాతృభాష అనే మాటను కూడా ముందే తేల్చుకోవాలి. ఆదిలాబాదులో గోండి, భద్రాచలం ప్రాంతంలో కోయ, శ్రీకాకుళం మన్యంలో సవర, అనేక జిల్లాల తండాల్లో బంజారా ఇంటి భాషలు. ఆ పిల్లలకు తెలుగు పాఠం రెండో భాషలోని పాఠమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో ఈ భాషల్లో ప్రాథమిక తరగతుల వాచకాలు వచ్చాయి గాని ఉన్నత పాఠశాల సైన్సు దాకా ఆ పని సాగలేదు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడగకుండా తరగతి మొత్తాన్ని ‘తెలుగు మాతృభాషీయులు’ అని లెక్కించిన పరిశోధనలో, ఈ పిల్లల మార్కులు తెలుగు పాఠం ప్రభావాన్ని తక్కువ చేసి చూపుతాయి.

రెండు సెక్షన్ల పోలిక ఎందుకు నిలబడదు

సాధారణంగా జరిగేది ఇది. ‘ఎ’ సెక్షన్‌కు తెలుగులో, ‘బి’ సెక్షన్‌కు ఆంగ్లంలో పాఠం చెబుతారు. ఒక్కో సెక్షన్‌లో 40 మంది. మొత్తం 80 మందిపై టి-పరీక్ష చేసి, తేడా సార్థకమని రాస్తారు. కానీ ఒకే సెక్షన్‌లోని 40 మంది ఒకరికొకరు సంబంధం లేని 40 మంది కారు. ఒకే ఉపాధ్యాయుడు, ఒకే గది, ఒకే పీరియడు, చాలా బడుల్లో మార్కులను బట్టి చేసిన ఒకే విభజన. ఈ పోలికను సమూహాంతర్గత సహసంబంధం అనే సంఖ్యతో కొలుస్తారు. అది 0.2 అనుకొంటే, నమూనా విలువను తగ్గించే గుణకం 1 + (40 – 1) × 0.2, అంటే 8.8. ఎనభైని దానితో భాగిస్తే సుమారు తొమ్మిది. ఎనభై మంది మార్కులు ఉన్నా, తొమ్మిది మంది చెప్పగలిగినంత సమాచారమే మిగిలింది. ఒక్కో భాషకు ఒక్క సెక్షనే ఉన్నప్పుడు పరిస్థితి ఇంతకన్నా అధ్వానం, ఎందుకంటే సెక్షన్ ప్రభావాన్ని, భాష ప్రభావాన్ని విడదీసే దారే ఉండదు.

ఈ చిక్కు పెద్ద ప్రయోగాలను కూడా వదలలేదు. నైజీరియాలో 1970లో ఇఫే విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఫఫున్వా తదితరులు మొదలుపెట్టిన ఆరేళ్ల ప్రాథమిక విద్యా ప్రయోగం మాతృభాషా బోధన చరిత్రలో బాగా పేరున్నది. ప్రయోగ తరగతులకు ఆరేళ్లూ యొరుబాలోనే బోధించారు. పోలిక తరగతులు అప్పటి పద్ధతి ప్రకారం మూడేళ్ల తరువాత ఆంగ్లానికి మారాయి. యొరుబాలో చదివినవారు వెనుకబడకపోగా, ఆంగ్లంతో సహా మెరుగ్గా నిలిచారన్నది వారి నివేదికల సారం. అయితే ఆ ప్రయోగంలో యొరుబాలో కొత్త పాఠ్యసామగ్రి తయారైంది, ప్రయోగ తరగతులకు ఆంగ్లం నేర్పడానికి ప్రత్యేక ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. మెరుగుదలలో భాష పాలు ఎంత, ఈ శ్రద్ధ పాలు ఎంత అన్న ప్రశ్న దాన్ని సమీక్షించినవారిని అప్పటి నుంచీ వెంటాడుతోంది.

ఒక పాఠాన్ని చదివించి పరీక్షించే చిన్న పరిశోధనకు మాత్రం అదృష్టవశాత్తు సులువైన దారి ఉంది. పాఠాన్ని కాగితం మీద ఇచ్చి చదివిస్తే, ఒకే గదిలో కూర్చొన్న పిల్లల్లో కొందరికి ఒక భాష, కొందరికి మరొక భాష ఇవ్వవచ్చు. ఎవరికేది అన్నది చీటీలు తీసి నిర్ణయించాలి. బోధన లేకపోవడం లోటే. అయినా ఉపాధ్యాయుడు, గది, పీరియడు అందరికీ ఒకటే అవుతాయి. అనువదించింది ఫలానా స్నేహితుడని తెలిస్తే అతన్ని గెలిపించాలనే ఉత్సాహం కలుగుతుంది కాబట్టి, పేర్లు లేకుండా, అన్ని ప్రతులూ ఒకే అక్షర పరిమాణంలో, ఒకే బొమ్మలతో అచ్చువేయాలి.

ఒక ఉదాహరణ: లెక్కతో సహా

కింది సంఖ్యలు పద్ధతిని చూపడానికి కల్పించినవి, ఏ బడి నుంచీ సేకరించినవి కావు. ఆంగ్ల మాధ్యమంలో చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే 36 మంది తొమ్మిదో తరగతి విద్యార్థులున్నారు. రెండు పాఠాలు తీసుకొన్నారు: ఒకటి బాష్పీభవనం, రెండోది సాంద్రత. చీటీల ద్వారా 18 మంది చొప్పున రెండు జట్లు చేశారు. మొదటి జట్టు బాష్పీభవనాన్ని తెలుగులో, సాంద్రతను ఆంగ్లంలో చదివింది. రెండో జట్టుకు దీన్ని తారుమారు చేశారు. ప్రతి పాఠానికి పది మార్కులు.

మొదటి జట్టు సగటు బాష్పీభవనంలో 7, సాంద్రతలో 4. వారిని మాత్రమే చూసినవారు తెలుగు వల్ల మూడు మార్కులు పెరిగాయని చెబుతారు. రెండో జట్టు సగటు బాష్పీభవనంలో 6, సాంద్రతలో 5. వీరు సాంద్రతను తెలుగులో చదివారు కాబట్టి, వీరిని మాత్రమే చూస్తే ఆంగ్లమే ఒక మార్కు మెరుగనిపిస్తుంది. రెండు మాటలూ తప్పే. సాంద్రత పాఠం కష్టమైనది, దాని కష్టం రెండు జట్లలోనూ భాష ప్రభావంతో కలిసిపోయింది. తెలుగు మార్కు నుంచి ఆంగ్ల మార్కును తీసివేస్తే మొదటి జట్టుకు +3, రెండో జట్టుకు –1 వస్తుంది. మొదటిదానిలో భాష ప్రభావానికి పాఠం సులువు కలిసింది, రెండోదానిలో అదే సులువు తీసివేత అయింది. కాబట్టి ఈ రెండింటి సగటు, అంటే +1, భాష ప్రభావం. వాటి తేడాలో సగం, అంటే 2, పాఠాల కష్టంలో ఉన్న అంతరం.

ఈ ఒక మార్కును ఎంత నమ్మవచ్చు? ప్రతి విద్యార్థికీ తెలుగు, ఆంగ్ల మార్కుల తేడా లెక్కిస్తే, జట్టులోపల ఆ తేడాల ప్రామాణిక విచలనం 2.4 వచ్చిందనుకొందాం. దాని వర్గం 5.76ను 18తో భాగిస్తే 0.32. రెండు జట్లకు కలిపి 0.64, దాని వర్గమూలం 0.8. సగటు తీశాం కాబట్టి అందులో సగం, 0.4, ప్రామాణిక దోషం. అంటే అసలు ప్రభావం సుమారు 0.2 నుంచి 1.8 మార్కుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ముప్పై ఆరు మందితో చెప్పగలిగేది ఇంతే. ప్రభావం ఉందని చెప్పవచ్చు, చిన్నదో పెద్దదో చెప్పలేము.

పరీక్షలో అడగవలసింది

మార్కులు దేన్ని కొలుస్తున్నాయన్నది ఇంకా మిగిలే ఉంది. ‘బాష్పీభవనం అనగానేమి?’ అన్న ప్రశ్నకు పాఠంలోని వాక్యాన్ని గుర్తుంచుకొని రాస్తే చాలు. మాతృభాషలోని వాక్యం గుర్తుండడం తేలిక కాబట్టి ఈ రకం ప్రశ్నల్లో తెలుగు జట్టు ముందుండడం ఆశ్చర్యం కాదు, దాన్ని అవగాహన అనడానికీ వీల్లేదు. పాఠంలో లేని సందర్భాన్ని ఇచ్చి కారణం అడగాలి. ఎండాకాలంలో మట్టికుండలో చల్లబడినంతగా వానాకాలంలో నీరు ఎందుకు చల్లబడదు? పాఠంలో కుండ ప్రస్తావన లేకుండా ఉంటేనే ఈ ప్రశ్నకు విలువ. జవాబు రావాలంటే కుండ రంధ్రాల గుండా ఊరిన నీరు ఇగిరేటప్పుడు ఎక్కువ శక్తిగల అణువులు వెళ్లిపోయి, మిగిలిన నీటి సగటు శక్తి తగ్గుతుందని, గాలిలో తేమ ఎక్కువైనప్పుడు తిరిగివచ్చే అణువులూ ఎక్కువవుతాయి కాబట్టి నికరంగా ఇగిరేది తగ్గుతుందని కలిపి ఆలోచించాలి. ‘వానాకాలంలో ఎండ ఉండదు కాబట్టి’ అన్న జవాబు వేరే దారి పట్టింది. ‘గాలిలో అప్పటికే తడి ఉంది’ అన్న జవాబు పదాలు సరిగా లేకపోయినా దారిలోనే ఉంది.

మరిగే నీటిలోని బుడగల్లో ఏముంది అన్నది ఇంకొక మంచి ప్రశ్న. న్యూజిలాండ్‌లో ఆస్‌బోర్న్, కాస్‌గ్రోవ్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లల్లో గాలి, వేడి, ఆక్సిజన్-హైడ్రోజన్ అని చెప్పినవారు చాలామంది ఉన్నారు. వారంతా ఆంగ్లంలో చదివినవారే, ఆ దేశంలో అది వారి బడిభాష. ఈ ఫలితాన్ని మన పరిశోధకులు గుర్తుంచుకోవాలి. కొన్ని అపోహలు భాషతో వచ్చినవి కావు. తెలుగు పాఠం చదివినవారు, ఆంగ్ల పాఠం చదివినవారు ఈ ప్రశ్న దగ్గర సమానంగా తడబడితే, అనువాదం విఫలమైందని అర్థం కాదు. అక్కడ కావలసింది మరో బోధనా పద్ధతి.

ప్రశ్నపత్రం ఏ భాషలో ఉండాలి? తెలుగులో చదివినవారికి తెలుగులో, ఆంగ్లంలో చదివినవారికి ఆంగ్లంలో ఇస్తే, పాఠం అర్థం కాలేదో, ప్రశ్న అర్థం కాలేదో, తెలిసిన జవాబు రాయలేకపోయారో చెప్పలేము. ప్రశ్నలను రెండు భాషల్లోనూ అచ్చువేసి, జవాబు ఏ భాషలోనైనా, మిశ్రంగానైనా రాయవచ్చని, బొమ్మ గీసినా చాలునని అందరికీ చెప్పడం ఉన్నంతలో న్యాయమైన మార్గం. ఆంగ్ల పాఠం చదివి తెలుగులో జవాబు రాసినవారెందరు అన్న లెక్కే ఒక్కొక్కసారి మార్కుల కన్నా ఎక్కువ చెబుతుంది.

జవాబులు దిద్దేటప్పుడు భాషను దాచలేము. కాబట్టి దిద్దకముందే ప్రతి ప్రశ్నకూ ఉండవలసిన భావాలను రాసిపెట్టుకోవాలి. కుండ ప్రశ్నకు మూడు: ఉపరితలం నుంచి నీరు గాలిలోకి పోతుంది, అలా పోవడం వల్ల మిగిలింది చల్లబడుతుంది, గాలిలో తేమ ఆ పనిని తగ్గిస్తుంది. ఉన్న ప్రతి భావానికి ఒక మార్కు. వాక్యదోషానికి, వర్ణక్రమానికి కోత లేదు. ఇద్దరు విడివిడిగా దిద్ది, తేడా వచ్చినచోట కూర్చొని మాట్లాడుకోవాలి. తేడాలు ఎక్కువగా తెలుగు జవాబుల దగ్గరే వస్తుంటే, అనుభవం చెప్పేదేమంటే, దిద్దేవారిలో ఒకరు ‘తడి’ అన్న మాటకు మార్కు ఇస్తున్నారు, మరొకరు ‘ఆర్ద్రత’ కోసం చూస్తున్నారు.

ఖాళీలు పూరించే క్లోజ్ పరీక్షను ఈ పనికి వాడేవారున్నారు. పాఠంలో ప్రతి ఏడో మాటనో, పదో మాటనో తీసివేసి పూరించమంటారు. ఆంగ్లం కోసం పుట్టిన ఈ పద్ధతిలో తెలుగు, ఆంగ్ల మార్కులను నేరుగా పోల్చరాదు. ఆంగ్లంలో విడి మాటలుగా ఉండే విభక్తులు, సహాయక క్రియలు తెలుగులో మాటకు అతుక్కొని ఉంటాయి. ‘నీటిలోనుంచే’ అన్న ఒక్క ఖాళీ ఆంగ్లంలో మూడు, నాలుగు ఖాళీలకు సమానం. తెలుగు విద్యార్థి ‘నీటినుంచి’ అని రాస్తే తప్పనాలా? ఒకే భాషలోని రెండు తెలుగు పాఠాలను, అంటే పుస్తకశైలిని, వ్యావహారికాన్ని పోల్చడానికి మాత్రం ఇది పనికివస్తుంది.

మూడు వారాల తరువాత

చదివిన వెంటనే పెట్టిన పరీక్ష ఒక్కటే సరిపోదు. అవే భావాలపై వేరే సందర్భాలతో మూడు వారాల తరువాత మరో పరీక్ష పెట్టాలి. సాసరులో పోసిన టీ, జ్వరం వచ్చినవాడి నుదుటి మీది తడిగుడ్డ, ఫ్యాను కింద ఆరే చెమట ఇందుకు పనికివస్తాయి. ఆ మధ్యకాలంలో ఎవరూ రెండో భాషలోని ప్రతిని చదవకుండా చూడడం కష్టం. ద్విభాషా పుస్తకం సంచిలోనే ఉంటుంది. అందువల్ల రెండో పరీక్ష రోజున, ఈలోగా పాఠాన్ని ఏ పేజీలో చదివారని ఒక ప్రశ్న చేర్చడం మంచిది. ఆంగ్ల ప్రతి అందుకొన్నవారిలో ఎక్కువమంది ఎదుటి పేజీకి వెళ్లి ఉంటే, రెండు జట్ల మధ్య తేడా మూడు వారాల్లో తగ్గిపోతుంది. దాన్ని మాతృభాష ప్రభావం నిలవలేదని చదివితే పొరపాటు. పిల్లలు తమకు కావలసిన పేజీని వెతుక్కొన్నారు.

రెండో పరీక్ష ముగిశాక అన్ని ప్రతులూ అందరికీ ఇవ్వాలి. అప్పుడు జరిగే సంభాషణను రాసుకొన్న పరిశోధకునికి, మూడో పాఠంలో ఏ వాక్యాన్ని మళ్లీ రాయాలో తెలుస్తుంది.